పెరుగు వడ్డించేదాకా

ప్రియమైన రఘూ,

నీ ఉత్తరానికి నెలన్నర ఆలస్యంగా జవాబు రాస్తున్నందుకు మన్నించు. ఇక్కడ అందరం క్షేమం. అమ్మకు మోకాలి నొప్పి తగ్గింది. చిన్నవాడి పరీక్షలు అయిపోయాయి. ఇక, నీకు చెప్పేదాకా మనసు నిలవని సంగతి ఒకటి ఉంది.

గత ఆదివారం కాకినాడలో ఒక పెళ్లి భోజనానికి వెళ్తే, మా పాత కార్యాలయంలో పనిచేసిన ఒకాయన నా పక్కనే కూర్చున్నారు. పప్పు వడ్డించకముందే నిట్టూర్చి, "ఏం చెప్పమంటారండీ, మా అమ్మాయి డాలస్‌లో ఐదు పడకగదుల ఇల్లు కొంది. వెళ్తే ఆరు నెలలు కదలనివ్వదు. అంత ఇల్లు ఊడ్చుకోలేక చస్తున్నాం" అన్నారు. నేను అది నిజంగా కష్టమే అనుకొని, ఊడ్చే యంత్రం కొనమని సలహా ఇచ్చాను. అంతస్తుకొకటి చొప్పున ఇప్పటికే రెండున్నాయని చెప్పారు. కష్టం చెప్పుకొనేవారు సలహా దొరికితే దాన్ని పట్టుకుంటారు. గొప్ప చెప్పుకోవాలనుకొనేవారు దానికి మరో వివరం జోడిస్తారు. నాకు తేడా అక్కడ తెలిసింది.

కడుపులో కాస్త మంట రేగిన మాట నిజం, రఘూ. "అదృష్టవంతులండీ" అని ముక్తసరిగా అనేసి విస్తరి వైపు తిరగబోయాను. అంతలో, పెరుగు వడ్డించేదాకా ఎవరి మాటకూ విసురుగా బదులివ్వకూడదని మన హాస్టల్ మెస్‌లో నువ్వు పెట్టిన ‘పెరుగు వడ్డించేదాకా’ నియమం గుర్తొచ్చి, సాంబారు కలుపుకుంటూ ఆగాను. ఆయనకు కావలసింది కూతురి గురించి ఒక మంచి మాట. దాన్ని నోరు తెరిచి అడగలేక నిట్టూర్పులో చుట్టారు. "అయ్యో పాపం" అంటే ఆ చుట్టు మరింత బిగుస్తుంది. అందుకే, "సొంత సంపాదనతో ఇల్లు కొనుక్కుందంటే మీకెంత తృప్తిగా ఉంటుందో కదండీ" అన్నాను. ఆయన ముఖం విప్పారింది. ఆ తర్వాత ఇంటి గురించి కాకుండా ఆయన గురించి అడిగాను: "వాళ్లు పనికి వెళ్లాక పగలంతా మీకెలా పొద్దుపోతుందండీ?"

ఆయన కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది. "మాకు కారు నడపడం రాదు కదా, శనివారం దాకా గడప దాటమండీ" అన్నారు. ఈసారి నిట్టూర్చలేదు.

కానీ కథ అక్కడ ముగియలేదు. కాసేపటికి, "మీ అబ్బాయి ఇంకా ఈ ఊళ్లోనేనా?" అన్నారు. రోజూ రాత్రి వాడూ నేనూ కలిసి భోంచేస్తామన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. అది నిజమే అయినా, ఆ శనివారం మాట విన్నాక అలా అంటే దెబ్బకు దెబ్బ తీసినట్లే అవుతుంది. "అవునండీ, ఇక్కడే పనిచేస్తున్నాడు. పెరుగు వేయించుకుంటారా?" అన్నాను. ఆయన విస్తరి ముందుకు జరుపుకున్నారు.

మీ బావగారు కొత్త కారు గురించి గొప్పలు చెబుతుంటే ఏమనాలని నువ్వు ఉత్తరంలో అడిగిందానికీ ఇదే వర్తిస్తుందనుకుంటాను, అయితే ఆయన మాటల్లో నిట్టూర్పు ఉండదు కాబట్టి... టపా కట్టే వేళయింది, మిగతాది మళ్లీ రాస్తాను.

నీ
శ్రీను