వీధిదీపాలకు చందా కుదరదు, పన్నే దారి

సంపాదకులకు నమస్కారం.

విజయనగరం శివారు లేఅవుట్లలో వీధిదీపాల కోసం ఇంటింటా చందా వేసుకోమనే సలహా ఈమధ్య తరచూ వినిపిస్తోంది. మా కాలనీలో ఆ పద్ధతి నడిపి చూశాం. అది ఎందుకు నిలబడదో చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నలభై ఇళ్లు, పన్నెండు స్తంభాలు ఉన్న కాలనీ అనుకోండి. ఒక్కో స్తంభానికి 30 వాట్ల ఎల్‌ఈడీ దీపం, రాత్రికి పదకొండు గంటలు వెలుగుతుంది. నెలకు దాదాపు 120 యూనిట్లు అవుతాయి. యూనిట్ 8 రూపాయలు వేసుకున్నా వెయ్యి లోపే. మాడిపోయిన దీపాలు మార్చడానికి, ఎలక్ట్రీషియన్‌కి కొంత కలిపి 1,600 అనుకుంటే ఇంటికి 40 రూపాయలు. ట్యూషన్ నుంచి పిల్లలు వచ్చే దారిలో వెలుతురు ఉండడం ఒక్కో ఇంటికి నెలకు కనీసం వంద రూపాయల విలువైనా చేయదా? అంటే 1,600 ఖర్చుకి 4,000 లాభం. అయినా దీపాలు ఆరిపోతాయి.

కారణం పిసినారితనం కాదు. కుళాయి డబ్బులు కట్టకపోతే కనెక్షన్ తీసేయొచ్చు, కేబుల్ కూడా అంతే. వీధిదీపం కింద నడిచేవాళ్లలో ఎవరు కట్టారో, ఎవరు కట్టలేదో దీపానికి తెలియదు. పైగా ఒకరు ఎక్కువగా నడిచినంత మాత్రాన ఇంకొకరికి వెలుతురు తగ్గదు. కాబట్టి ప్రతి ఇంటి లెక్కా ఇలా ఉంటుంది: మిగతా ముప్ఫై తొమ్మిది ఇళ్లూ కడితే నేను కట్టకపోయినా దీపం వెలుగుతుంది, నాకు 40 రూపాయలు మిగులుతాయి. ఎవరూ కట్టకపోతే నా 40తో ఒక్క దీపం కూడా నెలంతా వెలగదు. రెండు విధాలా కట్టకపోవడమే లాభం. అందరి లెక్కా అదే అయినప్పుడు వీధి మొత్తానికి చీకటి మిగులుతుంది.

మా కాలనీలో మొదట్లో చాలామంది ఇచ్చారు. తర్వాత ఖాళీ ప్లాట్ల యజమానులు, అద్దెకుండేవాళ్లు తప్పుకున్నారు. వాళ్లను చూసి, ఇచ్చేవాళ్లూ “మేమే ఎందుకు?” అన్నారు. అన్నిటికన్నా పెద్ద చిక్కు మీటరుది. మీటరు ఎవరి పేరున ఉంటే బకాయి వాళ్ల మీద పడుతుంది కాబట్టి పేరు ఇవ్వడానికి ఎవరూ ముందుకు రాలేదు. ఇప్పుడు ఇంటింటి గేటు మీద మంచి దీపాలున్నాయి, రోడ్డు మలుపు మాత్రం చీకటి. అక్కడ ఇల్లు లేదు కాబట్టి దీపం పెట్టాల్సిన అవసరం ఎవరికీ లేదు. గేట్లు వెలుగుతూ మలుపులు చీకటిగా ఉన్న కాలనీ ఎక్కడ కనిపించినా, అక్కడ ఇదే జరిగిందని అనుకోవచ్చు.

వినాయక చవితి చందా ఎలా వసూలవుతోందని అడుగుతారు. అది ఏడాదికి ఒకసారి. ఇచ్చినవాళ్ల పేరు మైకులో చదువుతారు, ఇవ్వకపోతే పదిమందికీ తెలుస్తుంది. నెలనెలా, ఎప్పటికీ ముగియని 40 రూపాయలకి ఆ మొహమాటం పనిచేయదు.

అందుకే దీన్ని పన్నుగా వసూలు చేయాలి. ఆంధ్రప్రదేశ్ పురపాలికల చట్టం 1965లోనే వచ్చింది. ఆస్తి పన్నులో దీపాల పన్నును ఒక భాగంగా చేర్చే వీలు అందులో ఉంది. మీటరు పురపాలక సంస్థ పేరున ఉంటే, అందరూ ఆస్తి పన్నుతో కడితే, పక్కింటివాళ్లు కట్టారో లేదో అన్న అనుమానమే ఉండదు. తప్పనిసరి అన్న మాట కొందరికి కటువుగా అనిపించవచ్చు గానీ, తక్కినవాళ్లూ కడతారన్న భరోసా ఉంటే ఇష్టంగా కట్టేవాళ్లే మా వీధిలో ఎక్కువ.

పన్నుతో అంతా తీరిపోదు. దీపం మాడిపోతే ఫిర్యాదు చేయడంలోనూ ఇదే జబ్బు. ఒక్కరు చెబితే వీధంతటికీ వెలుగు వస్తుంది కనుక, ఎవరో చెప్పే ఉంటారని అందరూ ఊరుకుంటారు. ఇళ్లు ఎక్కువున్న వీధిలో కూడా దీపం రోజుల తరబడి ఆరి ఉండడం ఇందుకే. ఫిర్యాదు కోసం ఎదురుచూడకుండా వార్డు ఎమినిటీస్ సెక్రటరీ వారానికో రాత్రి తన వార్డంతా తిరిగి ఆరిన స్తంభాల నంబర్లు రాసుకోవాలి. నంబరు లేని స్తంభాలకు ముందు పెయింటుతో నంబర్లు వేయించాలి.

అధికారులను కోరేది ఇదే: ఆస్తి పన్ను వేసిన ప్రతి లేఅవుట్‌లోని వీధిదీపాల మీటర్లను పురపాలక సంస్థ తన పేరు మీదకు మార్చుకోవాలి. దీపాల కింద ఎంత వసూలైందో, ఎంత ఖర్చయిందో వార్డు సచివాలయం నోటీసు బోర్డు మీద ఏటా పెట్టాలి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
విజయనగరం