కాలిన కొట్టుకు కావాల్సిన కాగితాల జాబితా పాలసీతోపాటే ఇప్పించండి

హైదరాబాద్‌లోని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ చైర్మన్ గారికి నమస్కారం.

ఒక రాత్రి షార్ట్ సర్క్యూట్‌తో మా బట్టల కొట్టు కాలిపోయింది. పాలసీ ఉంది, ప్రీమియం ఏనాడూ ఆపలేదు. కానీ క్లెయిమ్‌కు ఏ కాగితాలు కావాలో బీమా కంపెనీ ఒక్కసారిగా చెప్పలేదు, విడతలవారీగా అడుగుతూ పోయింది.

ఫైర్ స్టేషన్ రిపోర్టు తొందరగానే వచ్చింది. ఫోన్ వచ్చిన టైము, బండి చేరిన టైము, మంటకు కారణం అందులో ఉన్నాయి. పోలీసు కాగితం దగ్గరే తిప్పలు పడ్డాం. కంపెనీ ఎఫ్ఐఆర్ తెమ్మంది. ప్రమాదమే తప్ప నేరం లేదు కదా, ఎఫ్ఐఆర్ ఎందుకని ఎస్సై గారు జనరల్ డైరీలో రాసుకుని, మా అర్జీ నకలు మీద స్టాంపు వేసి ఇచ్చారు. అది చాలని కంపెనీ ఒప్పుకోవడానికి మూడు వారాలు పట్టింది.

తర్వాత నష్టం లెక్కగట్టడానికి వచ్చిన సర్వేయర్ స్టాకు రిజిస్టర్ అడిగారు. గల్లాపెట్టె పక్కన ఉండే ఆ పుస్తకంలో మిగిలింది ఎర్ర అట్ట మూల ఒక్కటే. చివరికి మా ఆడిటర్ దారి చూపించారు. మార్చి 31 నాటి బ్యాలెన్స్ షీట్‌లో సరుకు 18 లక్షలు. ఆ తర్వాత కొన్నది 22 లక్షలు. బిల్లులు కాలినా హోల్‌సేల్ వాళ్ల దగ్గర నకళ్లున్నాయి, జీఎస్టీ పోర్టల్‌లో మా కొనుగోళ్లు చూపించే GSTR-2B ఉంది. అమ్మకాలు 30 లక్షలు, అందులో ఐదో వంతు లాభం తీసేస్తే అమ్మిన సరుకు అసలు ధర 24 లక్షలు. 18, 22 కలిపి 24 తీసేస్తే, ఆ రాత్రి కొట్లో ఉన్న సరుకు 16 లక్షలు.

హమ్మయ్య అనుకునేలోపు బ్యాంకు కాగితం అడ్డొచ్చింది. సీసీ లోన్ కోసం నెలనెలా ఇచ్చే స్టాకు స్టేట్‌మెంట్‌లో మా గుమస్తా అందాజాగా 20 లక్షలని రాశాడు. సర్వేయర్ అనుమానపడటంలో తప్పు లేదు, తప్పు మాదే. కానీ రేపు ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూస్తారని పాలసీ అమ్మిన రోజు మాకెవరూ చెప్పలేదు.

రిపేర్ల ఎస్టిమేట్ కూడా రెండుసార్లు వెనక్కొచ్చింది. మేస్త్రీ ‘మొత్తం 3 లక్షలు’ అని ఒక్క ముక్కలో రాసిచ్చాడు. వైరింగ్ ఎన్ని మీటర్లు, ర్యాకులు ఎన్ని, ఒక్కోటి ఎంత అని విడివిడిగా కావాలట.

కాగితాలు లేవని క్లెయిమ్ తిరస్కరించకూడదని, కావాల్సినవి పాలసీ ఇచ్చేటప్పుడే అడగాలని 2024 జూన్‌లో మీ మాస్టర్ సర్క్యులర్ చెప్పింది. దయచేసి దాన్ని మా చేతికి అందేలా చూడండి. పాలసీకి జతగా తెలుగులో ఒక్క పేజీ ఇప్పించండి. ప్రమాదవశాత్తూ జరిగిన మంటకు పోలీసు స్టాంపు ఉన్న అర్జీ నకలు చాలని, రిజిస్టర్ కాలిపోతే ఏ కాగితాలతో లెక్క కడతారో, ఎస్టిమేట్ ఎలా ఉండాలో అందులో రాయించండి.

ఇట్లు,
ఒక బట్టల వ్యాపారి