ఎవరిదో తెలియని పేరు మార్పు ప్రకటన ఎందుకూ పనికిరాదు: జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారం. మాది కోవూరు మండలం. పేపర్లలో వచ్చే పేరు మార్పు ప్రకటనల గురించి ఈ లేఖ రాస్తున్నాను. పేరు మార్చుకునేవాళ్లు వాటికి డబ్బు కడతారు, కానీ అందులో ఏం రాయాలో చెప్పేవాళ్లు దొరకరు. ఆ ఇబ్బంది మా ఇంట్లోనే పడ్డాం కాబట్టి మా అమ్మ సంగతే చెబుతాను. పేర్లు మాత్రం మార్చి రాస్తున్నాను.

అమ్మ పుట్టిల్లు కందుకూరు వైపు. పుట్టినప్పుడు పెట్టిన పేరు పెంచలమ్మ. పెంచలకోన స్వామి పేరు మన జిల్లాలో ఎన్ని ఇళ్లలో ఉందో మీకు తెలియంది కాదు. పెళ్లయి కోవూరు వస్తే మా నాయనమ్మ పేరూ అదే. అత్తా కోడళ్లకు ఒకే పేరు ఉండకూడదని అమ్మను పద్మావతి అని పిలిచారు. రేషన్ కార్డు, ఓటరు కార్డు, ఆధార్ అన్నీ పద్మావతి పేరు మీదే వచ్చాయి. పసుపు కుంకుమ కింద 1994లో తాతయ్య రాసిచ్చిన రెండెకరాల గిఫ్టు దస్తావేజులో మాత్రం పెంచలమ్మ అనే ఉంది, అదీ పుట్టింటి ఇంటిపేరుతో. ఆ పొలం మీద లోను అడిగిన రోజున పెంచలమ్మ ఎవరు, పద్మావతి ఎవరు అన్న ప్రశ్న వచ్చింది.

నోటరీ దగ్గర అఫిడవిట్ చేయించి పేపర్లో ప్రకటన ఇచ్చాం. అది ఇలా ఉంది: "నా పేరు పెంచలమ్మ. ఇకపై పద్మావతిగా వ్యవహరించబడతాను. అందరూ గమనించగలరు. ఇట్లు, పద్మావతి, కోవూరు." బ్యాంకులో చూసి పక్కన పెట్టేశారు. ఎందుకు చెల్లదో కాగితం మీద రాసి ఇవ్వమంటే ఇవ్వలేదు. మూడుసార్లు తిరిగాక ఒక రిటైర్డ్ డాక్యుమెంట్ రైటర్ గారు కూర్చోబెట్టి చెప్పారు: "అమ్మాయీ, ఇది ఎవరి గురించో చదివినవాడికి తెలియాలి కదా. కోవూరులో పెంచలమ్మలు ఎంతమంది ఉన్నారు?"

ఆ ఒక్క మాటతో ప్రకటన ఎందుకు వేయాలో నాకు అర్థమైంది. పేరు మార్చుకోవడం మన ఇష్టమే. కానీ పాత పేరు మీద మనకు రావాల్సినవీ ఉంటాయి, మనం ఇవ్వాల్సినవీ ఉంటాయి. రొయ్యల చెరువు వేసినాయన మేత కొట్లో ప్రోనోటు రాసి, తర్వాత పేరు మార్చుకున్నాడనుకోండి. ఆ నోటు మీద దావా వేయడానికి కొట్టు యజమానికి మామూలుగా ఉండేది మూడేళ్లే. ఆ మనిషి ఇప్పుడు వేరే పేరుతో తిరుగుతున్నాడని తెలియకపోతే ఆయన నోటీసు ఎవరికి పంపాలి? అన్నదమ్ముల పంపకాల్లో, కోర్టు కేసుల్లో, చీటీ పాటల్లో కూడా ఇదే సమస్య. అభ్యంతరం ఉన్నవాళ్లు బయటికి వచ్చి చెప్పుకోవడానికే ఆ ప్రకటన. అందుకే అది వాళ్లు చదివే పేపర్లో, వాళ్లు గుర్తుపట్టేలా రావాలి. పాస్‌పోర్టు వాళ్లు రెండు దినపత్రికల్లో ప్రకటన అడిగి, అందులో ఒకటి మన ఊరి ప్రాంతంలో వచ్చేదై ఉండాలనడం ఇందుకేనని నేను అనుకుంటున్నాను.

రెండోసారి ప్రకటన ఆ డాక్యుమెంట్ రైటర్ గారే దగ్గరుండి రాయించారు. "నేను, కొండూరు పెంచలమ్మ, తండ్రి ఫలానా, భర్త ఫలానా, వయసు 52, వృత్తి వ్యవసాయం, నివాసం ఫలానా గ్రామం, కోవూరు మండలం" అని మొదలుపెట్టి, దస్తావేజు నంబరు, సంవత్సరం చెప్పి, అందులో ఉన్న పెంచలమ్మా, ఆధార్‌లో ఉన్న పద్మావతీ ఒక్కరేనని, ఆ ఇద్దరూ తనేనని రాయించారు. పెళ్లి తర్వాత అత్తింటివారు పెట్టిన పేరు అని కారణం ఒక్క ముక్కలో చెప్పారు. అఫిడవిట్ ఏ తేదీన, ఏ ఊళ్లో, ఎవరి ముందు చేసిందీ రాశారు. ఇకపై అన్ని వ్యవహారాలకూ పద్మావతి అనే పేరే వాడతానని చివర పెట్టారు.

ఇందులో మూడు చోట్ల మేం తప్పు చేయబోతే ఆయన ఆపారు. మొదటిది స్పెల్లింగ్. పద్మావతిని ఇంగ్లీషులో రాసేటప్పుడు చివర టి తర్వాత హెచ్ పెట్టేవాళ్లున్నారు, పెట్టనివాళ్లున్నారు. ఆధార్‌లో ఎలా ఉందో అక్షరం తేడా లేకుండా అలాగే వేయాలి. లేకపోతే మూడో పేరు పుట్టుకొస్తుంది. తెలుగు పేపర్లో ఒకటి, ఇంగ్లీషు పేపర్లో ఒకటి వేయించింది కూడా రెండు భాషల్లోనూ పేరు స్థిరపడాలనే.

రెండోది సంతకం. కొత్త పేరుతో సంతకం పెట్టాలని మనకు అనిపిస్తుంది. కానీ పేరు మార్చుకుంటున్నానని చెబుతున్నది పాత పేరున్న మనిషి. భారత గెజిట్‌కు పంపే నమూనాలో కూడా కింద సంతకం పాత పేరుతోనే పెట్టమని ఉంటుంది. మా మొదటి ప్రకటన కింద పద్మావతి అని ఉంది. అంటే పెంచలమ్మ తరఫున ఎవరో పద్మావతి మాట్లాడినట్టు అయింది.

మూడోది మన జిల్లాకే ప్రత్యేకం. 1994 నాటి దస్తావేజులో కందుకూరు పక్కన ప్రకాశం జిల్లా అని ఉంది. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల విభజనలో కందుకూరు నెల్లూరులోకి వచ్చింది. 1970కి ముందు కూడా అది నెల్లూరు జిల్లాయే కాబట్టి ఇంకా పాత కాగితాలున్నవాళ్లకు మూడు తరాల్లో జిల్లా మారుతూ వచ్చింది. ప్రకటనలో "దస్తావేజు నాటికి ప్రకాశం జిల్లా" అని రాయకపోయుంటే పేరుతో పాటు ఊరు కూడా కలిసేది కాదు. ఇది ఎవరూ ముందుగా చెప్పరు.

ఆధార్ నంబరు, ఫోన్ నంబరు మాత్రం పేపర్లో వేయొద్దన్నారు. వేయాల్సిన పనీ లేదు. ప్రకటన వచ్చిన పేజీని కత్తిరించకుండా, పేపరు పేరూ తేదీ కనబడేలా మొత్తంగా దాచమన్నారు.

గెజిట్ సంగతి కూడా చెప్పాలి. గెజిట్‌లో వచ్చేసింది కాబట్టి ప్రభుత్వం విచారించి ఒప్పుకున్నట్టేనని చాలామంది నమ్ముతున్నారు. భారత గెజిట్‌లో ఇలాంటి ప్రకటనల భాగంలోనే, వీటికి చట్టపరమైన బాధ్యత వేసినవారిదేనని అచ్చు వేస్తారు. గెజిట్ వల్ల వచ్చే బలం వేరు. ఏళ్లు గడిచాక కూడా దొరుకుతుంది, కోర్టులో అది అసలైనదేనని ముందుగా భావిస్తారు. అంతేకానీ అప్పు రద్దు కాదు, ఆస్తిలో వాటా మారదు. రిజిస్టరైన పాత దస్తావేజులో పేరు దానంతట అది మారిపోదు. అమ్మ ఆ పొలం అమ్మినా, మాకు రాసిచ్చినా ప్రతిసారీ ఈ కాగితాలు జత చేయాల్సిందే. సీబీఎస్‌ఈ సర్టిఫికెట్ల కేసులో 2021లో సుప్రీంకోర్టు, కొత్త సర్టిఫికెట్‌లో పాత పేరు కూడా ఉంచవచ్చని చెప్పింది కూడా ఆ లింకు తెగకూడదనే.

కలెక్టర్ గారూ, మా అమ్మ పని చివరికి అయింది, రెండుసార్లు ఖర్చుతో, ఏడు నెలల టెన్షన్‌తో. మీ పరిధిలో ఉన్న రెండు పనులు అడుగుతున్నాను. పైన రాసినట్టు ఖాళీలు పూరించే ఒక నమూనా ప్రకటన, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ, ప్రతి సచివాలయం గోడ మీద, మీసేవ కేంద్రాల్లో పెట్టించండి. పెళ్లితో పేరు మారిన ఆడవాళ్లకు, పిల్లల తరఫున తల్లిదండ్రులు ఇచ్చేదానికి విడిగా ఒక్కో నమూనా ఉంటే ఇంకా మంచిది. రెండోది, తహసీల్దారు కార్యాలయంలో గానీ బ్యాంకులో గానీ ప్రకటన చెల్లదని అంటే ఏ వివరం తక్కువైందో కాగితం మీద రాసి ఇచ్చేలా చూడండి. బ్యాంకుల వాళ్లతో మీరు జరిపే సమావేశంలో ఒక్కసారి ఈ మాట అంటే చాలు.

మా రెండు ప్రకటనల కాపీలూ, చెల్లనిదీ చెల్లినదీ, వచ్చే సోమవారం గ్రీవెన్స్‌లో మీకు స్వయంగా అందజేస్తాను.

ఇట్లు,
కోవూరు మండలం నుంచి ఒక రైతు కూతురు