ఉద్యోగంలో చేరిన రోజు గుర్తుగా రాసిన కృతజ్ఞతల ఉత్తరం

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం అందింది. వచ్చే నెలతో ఉద్యోగంలో చేరి ఏడాది నిండుతుందనీ, ఆ రోజున మీ మేనేజర్‌గారికి కృతజ్ఞతలు తెలుపుతూ నాలుగు మాటలు రాయాలని ఉందనీ, కాకా పడుతున్నావని అనుకుంటారేమోనని వెనకాడుతున్నాననీ రాశావు. సరిగ్గా ఇదే పని నేను పోయిన వారం చేశాను కనుక, ఏం రాశానో, ఏం కొట్టేశానో వివరంగా చెబుతాను.

మొదటి ప్రతిలో 'మీ మార్గదర్శకత్వం వెలకట్టలేనిది', 'మీ నుంచి ఎంతో నేర్చుకున్నాను' వంటి వాక్యాలే బారులు తీరాయి. చదివి చూసుకుంటే, పేరు మార్చి ఎవరికైనా పంపదగిన పదవీ విరమణ సన్మానపత్రంలా ఉంది. అవన్నీ కొట్టేసి, మా మేనేజర్‌గారు చేసిన ఒకే ఒక్క పనిని ఎంచుకున్నాను. నేను సిద్ధం చేసిన నెలవారీ రిపోర్టును ఆమె ఏనాడూ తాను తిరగరాయలేదు. పక్కన ఖాళీలో ప్రశ్నలు రాసి వెనక్కి పంపేవారు. ఒక నెల మరో విభాగం నుంచి 'ఫిర్యాదులు 250 నుంచి 220కి, అంటే 12 శాతం తగ్గాయి' అన్న సమాచారం వచ్చింది. దాని పక్కన ఆమె 'ఆర్డర్లు ఎన్ని?' అని రెండే మాటలు రాశారు. వెతికి చూస్తే ఆర్డర్లు 5,000 నుంచి 4,000కు పడిపోయాయి. అంటే నూరు ఆర్డర్లకు 5 చొప్పున ఉన్న ఫిర్యాదులు నిజానికి 5.5కు పెరిగాయన్నమాట. ఆ సంగతి ఆమె ఒక్క నిమిషంలో చెప్పేయగలరు. చెప్పి ఉంటే ఆ నెల రిపోర్టు మాత్రమే బాగుపడేది. ప్రశ్నగా వదిలేసినందువల్ల, ఏ శాతం కనిపించినా దాని కింద ఉన్న మొత్తం ఎంత అని అడగడం నాకు అలవాటైంది.

ఉత్తరంలో ఈ సంఘటనను నాలుగైదు వాక్యాల్లో చెప్పి, ఆమెకు తెలిసే అవకాశం లేని సంగతి ఒకటి జోడించాను. ఇప్పుడు నా దగ్గర పని నేర్చుకుంటున్న అమ్మాయి రిపోర్టులను నేనూ అలాగే ప్రశ్నలతో వెనక్కి పంపుతున్నాను. మొన్న ఒక మీటింగులో ఎవరో ఒక శాతం చెప్పగానే, ఆ అమ్మాయి నాకంటే ముందే 'మొత్తం ఎన్ని?' అని అడిగింది. నా దృష్టిలో ఇటువంటి ఉత్తరానికి ఇదే అసలైన సరుకు. నేర్పిన మనిషికి తాను నేర్పింది గుర్తు ఉండవచ్చు, ఉండకపోవచ్చు. ఆ తర్వాత అది ఎక్కడి వరకు వెళ్లిందో మాత్రం మనం చెబితే తప్ప తెలియదు.

ఇక నీ భయం సంగతి. కృతజ్ఞత ఎప్పుడు ముఖస్తుతిలా వినిపిస్తుందంటే, దాని వెనుక ఏదో కోరిక కనిపించినప్పుడు. అందుకే అప్రైజల్ రోజులకు దూరంగా ఉండే తేదీ మేలు. చేరిన రోజుకు ఆ సౌకర్యం ఉంది. నీ తేదీ అప్రైజల్ మధ్యలో పడితే మాత్రం ఫలితాలు వచ్చేదాకా ఆగు. ఉత్తరం చివర సెలవు గురించో బదిలీ గురించో ఒక్క వాక్యం కూడా చేర్చకు. పై అధికారికి కాపీ పెట్టవద్దు. పెడితే అది సాక్ష్యపత్రం అవుతుంది. మీ మేనేజర్‌గారి గురించి ఆ అధికారికి మంచి మాట చెప్పదలిస్తే అది వేరే సందర్భంలో, వేరే ఉత్తరంలో చెప్పవచ్చు.

ఎబ్బెట్టుగా ఉంటుందన్న నీ బెంగకు ఒక అధ్యయనం జవాబు చెబుతుంది. 2018లో అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ అనే పరిశోధకులు కృతజ్ఞత లేఖలు రాసినవారినీ అందుకున్నవారినీ విడివిడిగా అడిగి చూశారు. అందుకునేవారు ఇబ్బంది పడతారని రాసినవారు ఎక్కువగా ఊహించుకున్నారట. వాళ్లకు కలిగే సంతోషాన్ని మాత్రం తక్కువగా అంచనా వేశారట. మాటల పొందిక గురించి రాసినవారు మథనపడితే, అందుకున్నవారు ఆత్మీయతనే ఎక్కువగా గమనించారు. కాబట్టి భాష కోసం వారం రోజులు కుస్తీ పట్టకు. నాది ఒక పేజీ కూడా నిండలేదు.

మా మేనేజర్‌గారి జవాబు ఆ సాయంత్రమే వచ్చింది. ఆ రిపోర్టు తనకు అసలు గుర్తే లేదని రాశారు. ఆపైన, ఆ అమ్మాయిని తదుపరి క్లయింట్ మీటింగులో నాకు బదులు మాట్లాడనివ్వమని సలహా ఇచ్చారు, చూశావా, ఇంకా నాకు పని చెబుతూనే ఉన్నారు!

మీ మేనేజర్‌గారి విషయంలో అటువంటి సంఘటన ఏమిటో ముందుగా నాకు రాసి పంపు. రెండు మూడు తోస్తే, నీ పనితీరును నిజంగా మార్చినదాన్ని ఉంచుకుని తక్కినవి వచ్చే ఏడాదికి దాచుకో.

ఇట్లు,
నీ మిత్రుడు