బండి పోయింది సరే, ఆ ఉత్తరం మాత్రం నువ్వే రాయి

ఒరేయ్ రమణా,

నీ వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. బండిని ఎవరో ఎత్తుకుపోయారన్న బాధ కంటే "ఇన్సూరెన్స్ వాళ్ళకి చెప్పడం నాలుగు రోజులు లేటయింది, ఉత్తరంలో జ్వరం వచ్చిందని రాసేద్దామా" అన్న నీ మాటే నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది. ఆ జ్వరం మాట ఎక్కడా రాయకు. రాస్తే వాళ్ళు మందుల చీటీ అడుగుతారు. నువ్వేమో ఆ నాలుగు రోజులూ గుణుపురంలో బండి కోసం తిరుగుతూ ప్రతి టీ బడ్డీ దగ్గరా ఫోన్‌పే కొట్టావు. ఒక్క అబద్ధం బయటపడిందంటే నిజంగా పోయిన బండిని కూడా నమ్మరు.

పోయినేడు నా బండి పోయినప్పుడు నేనేం చేశానో చెప్తాను, నీకు కావలసింది అందులోంచి తీసుకో. మా పర్లాకిమిడి నుంచి సరిహద్దు అవతల సంతకి వెళ్ళాను, ఆదివారం సాయంత్రం. వంకాయలు, ఎండు చేపలు కొని అరగంటలో తిరిగొచ్చేసరికి చింతచెట్టు కింద బండి లేదు, స్టాండ్ గుచ్చుకున్న గుంట మాత్రం ఉంది. వెంటనే 112కి ఫోన్ చేశాను. ఆ రాత్రి ఇంటికొచ్చి మా వైపు స్టేషన్‌కి వెళ్తే "అది ఆంధ్రాలో జరిగింది, అక్కడికెళ్ళు" అన్నారు. సోమవారం అక్కడికెళ్తే "బండి ఒడిశా రిజిస్ట్రేషన్ కదా, మీ ఊళ్ళో ఇవ్వు" అన్నారు. ఏటి చెయ్యాలో తోచలేదురా. మా కాలనీలో ఉండే రిటైరైన పోలీసు రైటర్‌గారే చెప్పారు: నేరం ఏ పరిధిలో జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు, దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు, 2024 జులై నుంచి అమల్లో ఉన్న నాగరిక్ సురక్షా సంహిత అనే చట్టంలో 173వ సెక్షన్ చదువుకో అని. స్టేషన్‌లో తీసుకోకపోతే ఫిర్యాదు రాసి ఎస్పీకి పోస్టులో పంపొచ్చని కూడా అదే సెక్షన్‌లో ఉంది. సోమవారమే రిజిస్టర్ పోస్టు చేశాను. మంగళవారం అవతలి స్టేషన్‌లో ఎఫ్ఐఆర్ కట్టారు, పోస్టు చూసో, నా మొహం చూసో తెలియదు. కాపీ ఉచితంగా ఇవ్వాలి, అడిగి తెచ్చుకో.

ఇక నేను చేసిన తప్పు చెప్తాను. ఎఫ్ఐఆర్ అయింది కదా, పోలీసులు వెతుకుతారులే అని ఇన్సూరెన్స్ వాళ్ళకి 9వ రోజు దాకా ఫోనే చెయ్యలేదు. పాలసీలో "వెంటనే తెలియజేయాలి" అనే ఉంటుంది. నీది థర్డ్ పార్టీ పాలసీ అయితే అసలు దొంగతనానికి డబ్బే రాదు, ముందు అది చూసుకో. సమగ్ర పాలసీ అయితేనే ఈ ఉత్తరం.

నేను ఆలస్యం గురించి రాసిన పేరా ఇదీ, దాదాపు ఇలాగే:

"ఆదివారం సాయంత్రం 5.30కి బండి పెట్టాను, 6 గంటలకి లేదు. 6.20కి 112కి ఫోన్ చేశాను, కాల్ లాగ్ జతపరిచాను. అదే రాత్రి మా ఊరి స్టేషన్‌లోనూ, సోమవారం అవతలి స్టేషన్‌లోనూ ఫిర్యాదు ఇవ్వబోతే పరిధి విషయం తేలక తీసుకోలేదు. సోమవారమే ఎస్పీ కార్యాలయానికి పంపిన రిజిస్టర్ పోస్టు రసీదు జతపరిచాను. మంగళవారం ఎఫ్ఐఆర్ నమోదైంది. మీ కంపెనీకి విడిగా వెంటనే తెలపాలని నాకు తెలియదు, పోలీసు వెతుకులాట ఫలితం కోసం ఆగాను. తెలిసిన రోజే మీకు ఫోన్ చేశాను."

చూశావా, ఏ రోజు ఏం చేశానో రాశాను, పక్కన కాగితం పెట్టాను, నా తెలివితక్కువతనం కూడా ఒప్పుకున్నాను. వాళ్ళ ఇన్వెస్టిగేటర్ ఇంటికొచ్చినప్పుడు అదే కథ అడిగాడు, అదే చెప్పాను, అరగంటలో లేచాడు. అయినా మొదట క్లెయిమ్ కుదరదని కాగితం వచ్చింది, ఆలస్యమే కారణమట. అప్పుడు 2020లో గుర్షిందర్ సింగ్ కేసులో సుప్రీం కోర్టు ఇచ్చిన తీర్పు గురించి రాశాను: పోలీసులకి వెంటనే చెప్పి ఉంటే, ఇన్సూరెన్స్ వాళ్ళకి చెప్పడం ఆలస్యమైందన్న ఒక్క కారణంతో నిజమైన క్లెయిమ్‌ను తోసిపుచ్చకూడదని. 2022లో జైనా కన్‌స్ట్రక్షన్ కేసులోనూ అదే మాట అన్నారు. గమనించు, ఆ తీర్పులు నిలబడేది పోలీసులకి చేసిన ఫిర్యాదు మీద. అందుకే నీ నాలుగు రోజుల్లో స్టేషన్‌కి ఎన్నో రోజు వెళ్ళావన్నదే అసలు సంగతి. మొదటి రోజే వెళ్ళి నోటితో చెప్పొచ్చావంటే ఎవర్ని కలిశావు, ఏమన్నారు అని తేదీలతో ఇప్పుడే రాసుకో, మర్చిపోతావు.

తాళాల సంగతికి వస్తే, ఇది నీకు నిజంగా ఇబ్బందే. వాళ్ళకి ఒరిజినల్ తాళాలు రెండూ కావాలి. నా రోజువారీ తాళానికి అంచులు అరిగి, మా అమ్మ కట్టిన ఎర్ర దారం నల్లబడిపోయి ఉంది. రెండోది పసుపు కుంకుమ డబ్బాలో నాలుగేళ్ళు పడుకుని తళతళలాడుతోంది, పళ్ళ సందుల్లో పసుపు. ఇన్వెస్టిగేటర్ రెండూ పక్కపక్కన పెట్టి చూసి, "ఇది వాడనే లేదా" అని అడిగాడు. వాడలేదని చెప్పాను, మెరుపే సాక్ష్యం. తాళాలు ఇచ్చేటప్పుడు పాలసీ నంబరు రాసిన కాగితం మీద రెండూ పెట్టి ఫొటో తీసుకున్నాను. "రెండు తాళాలు ముట్టినవి" అని సంతకం, తేదీ, ముద్ర వేయించుకునే దాకా కదల్లేదు. పాపం, అతను విసుక్కున్నాడు.

నీది రెండో తాళం రెండేళ్ళ కిందటే పోయిందన్నావు కదా. అది ఎప్పుడు పోయింది, ఎలా పోయింది, తర్వాత డూప్లికేట్ ఎక్కడ చేయించావు అన్నీ ఉత్తరంలో రాసెయ్యి, అఫిడవిట్ కూడా పెట్టు. బజారులో చేయించిన తాళాన్ని ఒరిజినల్ అని ఇచ్చావనుకో, పరీక్షకి పంపితే కోత గీతలు చెప్పేస్తాయి. ఒకవేళ బండికే తాళం వదిలేసి వెళ్ళావా? అదైనా నిజమే రాయి. అజాగ్రత్త అని డబ్బు తగ్గించొచ్చు, ఏకంగా కాదనొచ్చు కూడా. కానీ సీసీ కెమెరాలో కనబడ్డాక చెప్పే కంటే ముందే నువ్వు చెప్పడం నయం.

తర్వాత పోలీసులు బండి దొరకలేదని ఇచ్చే తుది రిపోర్టు కోసం నెలల తరబడి తిరిగాను, దాని గురించి తిట్లు కలిశాక చెప్తాను. నా ఎఫ్ఐఆర్ తెలుగులో ఉంది, మా బ్రాంచి వాళ్ళకి ఒడియా, ఇంగ్లీషు తప్ప రావు, కాబట్టి ఇంగ్లీషు అనువాదం జతచేశాను. నీది ఒడియాలోనే కదా, నీకా తంటా లేదు. చివరికి పాలసీలో బండి విలువగా రాసిన ఐడీవీ 52,000లో తప్పనిసరి కోత 100 పోను మిగతాది ఖాతాలో పడింది. నీ బండి మీద లోన్ ఉంది కాబట్టి డబ్బు ముందు ఫైనాన్స్ వాళ్ళకే పోతుంది, మిగిలితేనే నీకు. అది ముందే మీ ఆవిడకి చెప్పు, లేదంటే తర్వాత నన్ను అడుగుతుంది.

ఈ రాత్రికి రోజులవారీ చిట్టా రాసి నాకు ఫొటో పంపు. ఇన్సూరెన్స్ టోల్‌ఫ్రీకి ఫోన్ చేసి క్లెయిమ్ నంబరు తీసుకోవడం మాత్రం రేపటికి వాయిదా వెయ్యకు, ఇప్పుడే చెయ్యి, నంబరు కాల్‌లోనే చెప్తారు.

నీ,
సత్యం