రెండు రివిజన్ల గొడవ

ఒరేయ్ లాయరూ,

జవాబు ఆలస్యమైంది, తిట్టుకో. ఇంట్లో అందరూ బాగున్నారు, నా నడుంనొప్పి కూడా క్షేమం. నువ్వు శుభలేఖల డిజైన్లు మొదలుపెడుతున్నావని, ప్రకటన పోస్టులో ఏం రాయాలో చెప్పమని అడిగావు కదా. సరిగ్గా అప్పుడే ఒకాయన తగిలాడు. అది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

నా పోస్టులో ఇలా ఉంటుంది: "వివరాలన్నీ అందాక 4 పనిదినాల్లో మొదటి డిజైన్. 2 రివిజన్లు ఉచితం. ఒక రివిజన్ అంటే ఇంట్లో అందరూ చూసి, ఒకే జాబితాగా పంపిన మార్పులు." ఆ చివరి వాక్యం చూసి నువ్వు నవ్వావు, గుర్తుందా? "కోర్టు కాగితంలా ఉంది" అన్నావు. ఆగు.

పెళ్లికూతురి అన్నయ్య సోమవారం పేర్లు పంపాడు. వేదిక తర్వాత చెబుతానన్నాడు. అది గురువారం రాత్రి వచ్చింది. శుక్రవారం పొద్దున్నే ఫోను: "నాలుగు రోజులు అయిపోయాయి, కార్డేదండీ?" ఏమీ వాదించలేదురా. పోస్టు స్క్రీన్‌షాట్ తీసి "అన్నీ అందాక" దగ్గర గీత గీసి పంపాను. లెక్క శుక్రవారం మొదలు, ఆదివారం సెలవు, అంటే మంగళవారం సాయంత్రం. చెప్పినట్టే ఇచ్చాను. ఉత్త "4 రోజులు" అని రాసుంటే ఆయన మాటే నెగ్గేది. వేదిక పేరు లేకుండా డిజైన్ మొదలుపెడితే ఏమవుతుందంటే, ఒక్క లైను వదిలిన చోట మూడు లైన్ల చిరునామా వచ్చి పడుతుంది, కింద ఉన్నదంతా మళ్లీ కదపాలి.

అసలు కథ ఇక్కడినుంచి. డిజైన్ చూడగానే ఆయన "అక్షరాలు పెద్దవి చేయండి" అన్నాడు. అరగంటకి చెల్లెలి మెసేజ్, రంగు మార్చమని. మధ్యాహ్నం వాళ్ల నాన్నగారి వాయిస్ మెసేజ్, బాబాయి పేరు చేర్చమని. వచ్చినవి వచ్చినట్టు చేస్తూ పోతే సాయంత్రానికి మూడు ఫైళ్లు, మన పాత "ఫైనల్ ఫైనల్ ఇదే ఫైనల్" బాపతు! (నీ రికార్డు మాత్రం ఇంకా ఎవరూ కొట్టలేదు.) పైగా అక్షరాలు పెద్దవి చేసి మళ్లీ ఒక పేరు చేరిస్తే చోటు చాలదు, మళ్లీ చిన్నవి చేయాలి. అందుకే ఏదీ ముట్టుకోలేదు. "అందరూ చూశాక ఒకే జాబితా పంపండి, దాన్ని ఒక్క రివిజన్‌గానే లెక్కేస్తాను" అన్నాను. రాత్రికి ఏడు మార్పులతో జాబితా వచ్చింది. అందులో అక్షరాలు పెద్దవి చేయమన్న మాటే లేదు!

ఒక పేరులో ఒత్తు తప్పు నాదైతే దాన్ని రివిజన్లలో కలపనని కూడా పోస్టులో రాస్తాను. నువ్వూ రాయి. జనం మొదట భయపడేది దానికే.

రెండో రివిజన్ కూడా అయ్యాక అడిగాడు చూడు: "మీ పోస్టులో గుండ్రంగా ఉన్న శాంపిల్ ఉందిగా, ఆ పూల అంచు దీనికి పెట్టేయండి, చిన్న మార్పేగా." ఆ శాంపిల్‌లో వృత్తం మధ్య ఉన్నది రెండు పేర్లు, తేదీ, అంతే. వీళ్లది తొమ్మిది లైన్ల నిలువు కార్డు. వృత్తంలో పైన, కింద లైన్లు పొట్టిగా ఉండాలి, పొడుగు పేర్లు పట్టవు. రాత మారితే రివిజన్, అమరిక మొదటినుంచి మారితే కొత్త డిజైన్. గొణిగాడు, రాత్రంతా ఆలోచించాడు, పొద్దున "పాతదే బాగుంది" అన్నాడు. నాకు నవ్వాలో ఏడవాలో...

కానీ ఒకటి అర్థమైంది, శాంపిళ్లే జనానికి ఆశలు పెడతాయి. అందుకే ఇప్పుడు తక్కువ రాత ఉన్నదొకటి, రెండు కుటుంబాల పేర్లతో నిండుగా ఉన్నదొకటి పక్కపక్కనే పెడుతున్నాను. పేర్లు కల్పితం, ఫోన్ నంబర్లు ఉండవు. బంగారు రంగు మెరిసే బొమ్మ కింద "ఇది తెర మీద చూపే నమూనా. మామూలు ప్రింటులో ఈ మెరుపు రాదు, ఫాయిల్ వేయించాలి" అని కూడా. లేకపోతే ప్రెస్సు నుంచి పసుపుపచ్చ కార్డులు రాగానే ఫోను మనకే. ఇంకోటి, మన గడువులో ప్రింటింగ్ రోజులు కలవవని విడిగా చెప్పు, అది ప్రెస్సువాళ్ల చేతిలో పని.

నీ పోస్టు డ్రాఫ్టులో "అన్‌లిమిటెడ్ రివిజన్లు" అని ఉంది చూశాను. లాయరువై ఉండి ఎలా రాశావురా అది? కొట్టెయ్ ముందు. దాని బదులు ఏం రాయాలంటే... అదిగో, అన్నయ్యగారి ఫోను. ఆమోదించాక తేదీ మార్చమంటాడేమో. ఉంటా.