3,021 రూపాయలు మిగిల్చినందుకు ధన్యవాదాలు: బీమా వ్యవహారాలు చూసే మంత్రి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

నేను ప్రకాశం జిల్లా చీమకుర్తిలో ఒక చిన్న గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో భాగస్వామిని. ఇదే విషయం మీద ఇంతకుముందు ఐదు అర్జీలు పెట్టుకున్నాను. రెండు రిజిస్టర్డ్ పోస్టులో పంపాను, మూడు పోర్టల్‌లో పెట్టాను. పోర్టల్‌లోవి మూడూ ‘పరిష్కరించబడినది’ అని మూసేశారు. ఏం పరిష్కరించారో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. పోస్టులో పంపిన వాటికి అందినట్టు రసీదులు మాత్రం వచ్చాయి, అందుకు కృతజ్ఞతలు. ఇది ఆరోది. ఈసారి నలుగురూ చదివేట్టు రాస్తున్నాను, కనీసం వాళ్లకైనా పనికొస్తుందని.

ఫైర్ పాలసీలో అల్లర్లు, సమ్మె, దురుద్దేశ నష్టం అనే కవర్ సంగతి తమకు తెలియంది కాదు. ఆఫీసు భాషలో ఆర్‌ఎస్‌ఎండీ. 2019లో మా యూనిట్ పాలసీ రెన్యువల్‌కి వచ్చినప్పుడు మా ఏజెంటు కాగితాలు తెచ్చాడు. బీమా మొత్తం 3 కోట్ల 20 లక్షలు. ఫారం మొత్తం ఇంగ్లీషులో ఉంది. సంతకం పెట్టాల్సిన చోటల్లా పెన్సిల్‌తో ఇంటూ గుర్తు పెట్టి ఉంది. ‘బ్యాంకోళ్లకి ఫైర్ ఉంటే చాలన్నా. అల్లర్ల కవర్ తీసేస్తే 2,560 తగ్గుద్ది, జీఎస్టీతో కలిపి 3,021. మన చీమకుర్తిలో అల్లర్లేందన్నా’ అన్నాడు. నేనూ నవ్వాను. పెన్సిల్ గుర్తులున్న చోటల్లా సంతకాలు పెట్టాను. తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను. కానీ ‘అల్లర్ల కవర్ తీసేస్తే’ అన్న ఆ మూడు మాటల లోపల ఏముందో నాకు ఆ రోజు ఎవరూ చెప్పలేదు. ఏజెంటుకి కూడా తెలియదని తర్వాత అర్థమైంది.

2020 ఫిబ్రవరిలో మా రోడ్డులోనే వేరే యూనిట్‌లో కూలి రేట్ల మీద సమ్మె మొదలైంది. మాకూ దానికీ సంబంధం లేదు. మా వాళ్లు పనికి వస్తున్నారు. అదే మా నేరం అయింది. ఒక రోజు పొద్దున పదకొండు గంటలప్పుడు బైకుల మీద నలభై మంది దాకా వచ్చారు. అందులో సగం మంది ఈ ఊరివాళ్లే కాదు. గేటు తోసుకుని లోపలికొచ్చి ముందు పాలిషింగ్ లైన్ ప్యానెల్ బోర్డు రాళ్లతో పగలగొట్టారు. తర్వాత స్టాండ్ల దగ్గరికి పోయారు.

గ్రానైట్ స్లాబులు ఎలా పెడతారో చూడని వాళ్ల కోసం చెప్తున్నాను. ఇనుప స్టాండుకి రెండు పక్కలా స్లాబులు ఒకదానికొకటి ఆనించి నిలబెడతాం. రెండు సెంటీమీటర్ల మందం, ఒక్కొక్కటి యాభై చదరపు అడుగుల పైమాటే. ఒక పక్క నుంచి గడ్డపారతో ఎత్తితే వరస మొత్తం పేకముక్కల్లా వాలిపోతుంది. నిమిషం పట్టదు. బ్లాక్ గెలాక్సీ స్లాబులు 62 అలా పోయాయి. పగిలిన ఆ రాయిలో బంగారు చుక్కలు ఎండకి మెరుస్తున్నాయి. మా మేస్త్రి వాటి మధ్యే కూర్చుండిపోయాడు.

పోయేటప్పుడు ఎవరో ప్యాకింగ్ షెడ్డులో నిప్పు పెట్టారు. చెక్క పెట్టెల సామాను, థిన్నరు, ఎపాక్సీ డబ్బాలు అక్కడే ఉన్నాయి. ఫైరింజను వచ్చేసరికి షెడ్డు లేదు.

లెక్క ఇది: స్లాబులు చదరపు అడుగు 300 చొప్పున 9 లక్షల 30 వేలు, ప్యానెల్ బోర్డు 2 లక్షల 80 వేలు, షెడ్డు, అందులో సామాను 5 లక్షల 40 వేలు. మొత్తం 17 లక్షల 50 వేలు.

అల్లర్ల కవర్ తీసేశాం కాబట్టి స్లాబులకీ ప్యానెల్‌కీ రూపాయి రాదని, నష్టం లెక్కగట్టే బీమా సర్వేయరు రాకముందే తెలిసిపోయింది. ఏడ్చి ఊరుకున్నాం. షెడ్డు మాత్రం కాలిపోయింది కదా, ఫైర్ పాలసీ ఉన్నదే దానికి కదా అనుకున్నాం. ఈ లేఖ రాయడానికి అసలు కారణం ఆ 5 లక్షల 40 వేలే.

క్లెయిమ్ కావాలంటే ఎఫ్‌ఐఆర్ కావాలన్నారు. పోలీస్ స్టేషన్‌కి పోయి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. నలభై మంది గుంపు, రాళ్లు, గడ్డపారలు, నిప్పు. వాళ్లు ఐపీసీ 147, 427, 435 సెక్షన్లు పెట్టారు. 147 అంటే అల్లరి. ఐదుగురు, అంతకు మించి చట్టవిరుద్ధంగా గుమికూడి బలం వాడితే పడే సెక్షన్ అది. ఇప్పుడైతే భారతీయ న్యాయ సంహితలో 191. ఫిర్యాదు గట్టిగా రాయించుకున్నానని ఆ రోజు సంతోషపడ్డాను కూడా.

సర్వేయరు ఆ ఎఫ్‌ఐఆర్ కాపీనే ముందు పెట్టుకున్నాడు. ‘నిప్పు ఎలా వచ్చింది?’ గుంపు పెట్టింది. ‘గుంపు చేసింది ఏంటి?’ అల్లరి, మీ ఎఫ్‌ఐఆరే చెప్తోంది. అల్లరి వల్ల జరిగిన నష్టం ఈ పాలసీలో లేదు. అంటే ఆ నిప్పు కూడా లేదు. ఇదీ ఆయన లెక్క. నష్టానికి అసలు కారణం ఏదో దాన్నే చూస్తాం, మంట కనిపించినంత మాత్రాన అది ఫైర్ క్లెయిమ్ కాదు అన్నాడు. తిరస్కరణ లేఖలో మూడు పేరాలు ఉన్నాయి, మూడింటికీ ఆధారం నేనిచ్చిన ఫిర్యాదే.

అయ్యా, ఒక్కసారి ఆలోచించండి. వైరు షార్ట్ అయి కాలిందని చెప్పుంటే ఆ డబ్బు వచ్చేది. నిజం చెప్పినందుకు రాలేదు. ‘ఎవరు పెట్టారో తెలియదని రాయించుకోవాల్సింది’ అని ఒక పెద్దమనిషి నాకు సలహా ఇచ్చాడు. దానివల్లా లాభం లేదని తర్వాత తెలిసింది. ఎవరో కావాలని పెట్టారని తేలితే అది దురుద్దేశ నష్టం కిందికి పోతుంది, అదీ తీసేసిన కవర్‌లోదే.

కంపెనీ మాట చట్టప్రకారం తప్పని నేననడం లేదు. అందుకే కోర్టుకి పోలేదు. ‘అల్లర్ల కవర్ తీసేస్తే’ అన్నప్పుడు ఫైర్ కవర్‌లోంచి కూడా ఒక ముక్క కోసుకుపోతున్నారని సంతకం పెట్టే మనిషికి చెప్పాలా వద్దా? అది ఒక్కటే అడుగుతున్నాను.

దీన్ని అసలు ఆప్షన్‌గా ఎందుకు పెట్టారని అడిగితే ఒక అధికారి ఓపిగ్గా చెప్పాడు, ఆయనకి నా నమస్కారం. మామూలు మంటలు ఒకచోట ఒకటి, ఇంకోచోట ఒకటి వస్తాయి. వేలమంది కట్టిన డబ్బులోంచి ఒకరికి ఇచ్చినా కంపెనీకి సరిపోతుంది. అల్లరి అలా కాదు, ఒకే రోజు ఒకే ఊళ్లో వంద షాపులు పోతాయి. ఎప్పుడు వస్తుందో పాత లెక్కలు చెప్పవు. బీమా కంపెనీలకే బీమా ఇచ్చే రీఇన్సూరెన్స్ వాళ్లూ దాన్ని విడిగానే చూస్తారు. అందుకని దానికి విడి రేటు పెట్టి, వద్దన్న వాళ్లకి తీసేసే వీలిచ్చారు. ప్రశాంతంగా ఉండే చోటి వాళ్లు నాకెందుకు అంటారు, ప్రీమియం తగ్గించి చూపించాలనుకునే ఏజెంటు ముందు కోసేదీ అదే.

పోనీ భయం పట్టుకున్నాక మధ్యలో కొనుక్కుందామా అంటే, డబ్బు కట్టాక 15 రోజులు ఆగాలి. రేట్లూ షరతులూ అన్ని కంపెనీలకీ ఒకేలా ఉన్న పాత టారిఫ్ నాటి నియమం అది. సమ్మె నోటీసు గోడకి అంటించిన రోజున మా పక్క యూనిట్ ఆయన ఫోన్ చేస్తే ఇదే చెప్పారు. నోటీసుకీ రాళ్లకీ మధ్య తొమ్మిది రోజులే ఉంది. ఇల్లు అంటుకున్నాక బావి తవ్వుకోనివ్వకూడదనే కదా ఆ నియమం, దాన్నీ తప్పుపట్టను.

దక్షిణాఫ్రికాలో ప్రైవేటు కంపెనీలు అల్లర్ల రిస్కు మాకొద్దంటే 1979లో దానికోసమే సాస్రియా అని ఒక సంస్థ పెట్టుకున్నారు. మన దగ్గరా ఉగ్రవాద నష్టాలకి 2002లో కంపెనీలన్నీ కలిసి పూల్ అని ఒక ఉమ్మడి ఏర్పాటు పెట్టుకున్నాయి, ప్రభుత్వ రీఇన్సూరెన్స్ సంస్థ జీఐసీ రీ నడుపుతోంది. చేయాలనుకుంటే దారులున్నాయని చెప్పడానికే ఇది.

2021 ఏప్రిల్ 1 నుంచి మీరు మార్చారు, కాదనను. ఒకచోట ఉన్న ఆస్తి విలువ 5 కోట్ల దాకా ఉంటే భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష, ఆపైన 50 కోట్ల దాకా భారత్ లఘు ఉద్యమ్ సురక్ష అని పెట్టి, అల్లర్లు, సమ్మె నష్టాలు పాలసీ లోపలే కలిపారు. మంచి పని. మాకు పద్నాలుగు నెలలు ఆలస్యం, అంతే. కానీ 50 కోట్లు దాటిన ఫ్యాక్టరీలకి పాత పద్ధతే. వాటికి తీసేసే వెసులుబాటు ఉంది, వాటిలోనూ సంతకం పెట్టేది పెన్సిల్ గుర్తు చూసే.

కలిసి ఉన్నా అన్నీ వస్తాయనుకునే వాళ్లకీ ఒక మాట. బయటి నుంచి బలప్రయోగంతో జరిగి, కంటికి కనిపించే నష్టానికే ఈ కవర్. పాత పాలసీ కాగితంలో స్పష్టంగా ఉంది: పని ఆగిపోయినందువల్ల వచ్చే నష్టం రాదు. మాకు పంతొమ్మిది రోజులు లైన్ ఆగింది, ఆ కవర్ ఉన్నా దానికి పైసా వచ్చేది కాదు. గొడవలో ఎవరో మా కేబుల్ రాగి తీగ కోసుకుపోయారు, అది దొంగతనం కిందికి పోతుంది, అదీ రాదు. ఇది దురుద్దేశంతో చేసింది కాదని కంపెనీ అంటే, అవునని రుజువు చేసుకోవాల్సింది నష్టపోయినవాడే. ఇవన్నీ నేను 17 లక్షల ఫీజు కట్టి నేర్చుకున్నాను. తమ దగ్గర ఉచితంగా చెప్పే ఏర్పాటు ఏదైనా ఉంటే తెలియజేయగలరు.

అడిగేది పెద్దది కాదు. ఈ కవర్ తీసేసేటప్పుడు విడిగా ఒక కాగితం పెట్టండి, తెలుగులో. ‘గుంపు గానీ, సమ్మె చేసేవాళ్లు గానీ, పగబట్టిన వాడు గానీ నిప్పు పెట్టినా డబ్బు రాదు’ అని ఒక్క వాక్యం రాయండి. దాని కింద సంతకం తీసుకోండి. ఎంత తగ్గుతోందో ఆ అంకె పక్కనే వేయండి. పాలసీ మొదటి పేజీలో, బీమా మొత్తం ఎంత పెద్ద అక్షరాల్లో ఉందో అంత పెద్ద అక్షరాల్లో ‘తీసేసినవి’ అని రాయండి. బ్యాంకులు అప్పు కాగితాల్లో ‘ఫైర్ ఉంటే చాలు’ అనడం మానాలి. ఆ వాక్యం ఉన్న కాగితం నా ముందు పెట్టుంటే, ఎంత నవ్వులాటగా ఉన్నా 3,021 కట్టేవాణ్ణి. ఆ వారం మేం టీలకీ టిఫిన్లకీ అంతకంటే ఎక్కువే ఖర్చుపెట్టాం.

ఎఫ్‌ఐఆర్, సర్వే రిపోర్టు, తిరస్కరణ లేఖ కాపీలు ఆరోసారి జతపరుస్తున్నాను. ఈసారి కూడా ‘పరిష్కరించబడినది’ అని మూసేసేట్లయితే, దయచేసి ఏ వాక్యం వల్ల పరిష్కారమైందో అండర్‌లైన్ చేసి పంపగలరు.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక గ్రానైట్ యూనిట్ భాగస్వామి, చీమకుర్తి